కామా ముందు ఖాళీ: ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన టీపీఓలకు,

నమస్కారం.

నేను విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. కస్టమర్లు రాసిన మెయిళ్లకు జవాబులు రాయడమే మా టీమ్ పని. ఏటా కొత్తవాళ్లను తీసుకునే రోజుల్లో వచ్చే దరఖాస్తులు మొదట నా దగ్గరికే వస్తాయి. తొమ్మిదేళ్లుగా వాటిని చదువుతున్నాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు మీతో చెప్పే చనువు తీసుకుంటున్నాను.

పోయిన సీజన్‌లో ఒకే కాలేజీ నుంచి ఒకే సాయంత్రం ముప్పై ఎనిమిది మెయిళ్లు వచ్చాయి. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. మొదటి మెయిల్ తెరిస్తే పై వరుస ఇలా ఉంది:

```
Respected Sir/Madam ,
```

మేడమ్ తర్వాత ఒక స్పేస్, ఆ తర్వాత కామా. ఈ అబ్బాయి తొందరలో కొట్టాడు కాబోలు అనుకున్నాను. రెండో మెయిల్‌లోనూ అంతే, మూడో దాంట్లోనూ అంతే. ఐదోది తెరిచేసరికి సంగతి అర్థమైంది. ముప్పై మందికి పైగా పిల్లలకు ఒకే చోట, ఒకేలా వేలు జారదు కదా. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకు ఇచ్చిన ఫార్మాట్‌లోనే ఉంది. ఎవరో ఎప్పుడో వర్డ్‌లో కొట్టిన ఆ వరుస, బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు కాపీ అవుతూ వస్తోంది. ముగ్గురి మెయిళ్లలో మాత్రం ఆ ఖాళీ లేదు. కాపీ కొట్టకుండా సొంతంగా టైప్ చేసుకున్నారన్నమాట. వాళ్లలో ఒకమ్మాయి మేడమ్ స్పెల్లింగ్ తప్పు రాసింది. నిజం చెప్పాలంటే ఆ మెయిల్ చూసి ముచ్చటేసింది, తన చేత్తో రాసిందని.

మీరు సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో మెయిల్ రాయడం నేర్పుతున్నారు. సబ్జెక్ట్ లైన్ ఎలా ఉండాలో, ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో చెబుతున్నారు. వ్యాకరణం ఇంగ్లిష్ మేడమ్ చూస్తారు. ఈ స్పేస్‌ల సంగతి మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. ఎందుకంటే ఇది భాషలో వచ్చే తప్పు కాదు, వేళ్లలో వచ్చే తప్పు. కాగితం మీద చేత్తో రాయమంటే ఏ పిల్లవాడూ కామా ముందు ఖాళీ వదలడు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కొట్టమంటేనే వదులుతాడు. అందుకే తప్పు ఎక్కడ పుడుతోందో పిల్లలకు చూపిస్తే చాలు, నియమాలు బట్టీ పట్టించక్కర్లేదు.

ఆ ముప్పై ఎనిమిదిలో ఒక మెయిల్ తాలూకు మొదటి నాలుగు వరుసలు చూడండి. పేరూ ఊరూ తీసేశాను, మిగతాది ఉన్నదున్నట్టే ఇస్తున్నాను.

```
Respected Sir/Madam ,
I am  final year student of B.Tech(CSE).I have
attached my resume .Kindly find the file.In case
of any query,please call me .
```

మొత్తం మీద చూస్తే నిర్లక్ష్యంగా రాసినట్టుంది. ఒక్కో తప్పునూ విడదీసి చూస్తే మాత్రం దేని వెనక కథ దానికుంది.

మొదటి వరుసలో కామా గురించి చెప్పాను, అది మీ ఫార్మాట్‌ది. రెండో వరుసలో రెండో మాట తర్వాత రెండు స్పేస్‌లున్నాయి. అక్కడ ముందు ఇంకో మాట ఉండేది. దాన్ని డిలీట్ చేశాడు. మాట పోయింది, దానికి అటూ ఇటూ ఉన్న రెండు స్పేస్‌లూ పక్కపక్కన మిగిలిపోయాయి. వాక్యం మధ్యలో ఒక్కచోటే రెండు స్పేస్‌లు కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం. అక్కడ ఏదో దిద్దారని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. ఈ మెయిల్‌లో పోయింది `a` అనే ఒక్క అక్షరం కావచ్చు. అది ఉండాల్సిన అక్షరమే పాపం.

మూడో వరుసలో ఉన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. `resume` తర్వాత ఖాళీ ఉంది, తర్వాత ఫుల్‌స్టాప్, దాని తర్వాత ఖాళీ లేదు. అంటే స్పేస్ ఒకటి పడింది, కానీ పడాల్సిన వైపు పడలేదు. ఇది ఫోన్ పని. నాలుగు అక్షరాలు కొట్టగానే కీబోర్డ్ పైన మాట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మాటతో పాటు ఒక స్పేస్‌నూ అదే పెట్టేస్తుంది. వెంటనే ఫుల్‌స్టాప్ కొడితే మంచి కీబోర్డ్‌లు ఆ స్పేస్‌ను వెనక్కి తీసుకుంటాయి. మధ్యలో కర్సర్‌ను ఎక్కడికైనా కదిపినా, ఆ కీబోర్డ్‌కు ఆ తెలివి లేకపోయినా స్పేస్ అక్కడే ఉండిపోతుంది. స్పేస్ ఒకటి పడిందని రాసేవాడికి గుర్తుంటుంది. అందుకని ఫుల్‌స్టాప్ తర్వాత మళ్లీ కొట్టడు. లెక్కకు స్పేస్‌లు సరిపోయాయి, చోటే మారింది.

ఇక `file.In` చూడండి. ఇది చూడ్డానికి బాగోకపోవడంతో ఆగదు. కొన్ని మెయిల్, చాట్ యాప్‌లు చుక్కకు రెండు పక్కలా ఖాళీ లేకుండా అక్షరాలుండి, చుక్క తర్వాతది డొమైన్ పేరులా ఉంటే దాన్ని వెబ్‌సైట్ అడ్రస్ అనుకుంటాయి. `.in` మన దేశానికి ఇచ్చిన డొమైన్. దాంతో వాక్యం మధ్యలో ఆ ముక్క నీలం రంగులో, కింద గీతతో లింకులా కనిపిస్తుంది. రెజ్యూమె ఫైల్ అక్కడుందేమో అనుకుని ఎవరైనా దాన్ని నొక్కితే ఏ సైట్ తెరుచుకుంటుందో ఆ అబ్బాయికీ తెలియదు, నాకూ తెలియదు. మన పిల్లలు వాక్యం మొదట్లో వాడే చిన్న మాటల్లో కొన్ని ఏదో ఒక దేశం లేదా ప్రాంతం డొమైన్‌లే. `.it` ఇటలీది, `.is` ఐస్‌లాండ్‌ది, `.so` సోమాలియాది, `.my` మలేషియాది, `.me` మాంటెనెగ్రోది, `.to` టోంగాది, `.as` అమెరికన్ సమోవాది. అన్ని యాప్‌లూ ఇలా చెయ్యవు. చేసేవి ఉన్నాయి కాబట్టి ఫుల్‌స్టాప్ తర్వాత ఒక స్పేస్ కొట్టడం మేలు.

ఇంకో సంగతి. కంప్యూటర్‌లో వరుస నిండినప్పుడు మాటలు విరిగేది స్పేస్ దగ్గర. కామా ముందు స్పేస్ ఉందంటే అక్కడ విరగవచ్చని అర్థం. నా ఫోన్‌లో చదివేటప్పుడు కొన్ని మెయిళ్లలో కామా ఒంటరిగా కింది వరుస మొదట్లోకి వచ్చి కూర్చుంటుంది. రాసిన అబ్బాయి లాప్‌టాప్‌లో అది వరుస మధ్యలో ఉండి, అంతగా కనబడి ఉండదు. కామా తర్వాత స్పేస్ లేకపోతే దీనికి తిరగేసిన బాధ. `query,please` అనేది కంప్యూటర్ దృష్టిలో ఒకటే పొడవాటి మాట, విరక్కుండా మొత్తంగా కిందికి దిగుతుంది. పై వరుస చివర పెద్ద ఖాళీ మిగులుతుంది.

ఫుల్‌స్టాప్ తర్వాత రెండు స్పేస్‌ల గురించి ఇక్కడే చెప్పాలి. ఎందుకంటే దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. మా నాన్నకు తెనాలిలో టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. సాంకేతిక విద్యా శిక్షణ మండలి పెట్టే లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లలు వచ్చేవాళ్లు. ఇంగ్లిష్ లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. కామా తర్వాత ఒక స్పేస్, ఫుల్‌స్టాప్ తర్వాత రెండు స్పేస్‌లు అని నాన్న అందరికీ చెప్పేవారు. అప్పటికి అదే పద్ధతి. టైప్‌రైటర్‌లో సన్నటి `i`కీ, వెడల్పాటి `m`కీ ఒకటే చోటు. అన్నీ ఒకే దూరంలో ఉండడం వల్ల వాక్యం ఎక్కడ ముగిసిందో కంటికి ఆనదు, అందుకని ఇంకో స్పేస్. ఇప్పటి ఫాంట్లలో ప్రతి అక్షరానికీ దాని వెడల్పు దానికుంది, ఆ అవసరం తీరిపోయింది. అయినా ఈ పట్టింపు అంత తొందరగా పోలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల రచనా నియమాల్లో 2009 నాటికి కూడా రాతప్రతుల్లో రెండు స్పేస్‌లు పెట్టమనే ఉంది, 2019లో ఒకటికి దిగారు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2020లో రెండు స్పేస్‌లను తప్పుగా గుర్తించి గీత గియ్యడం మొదలుపెట్టింది. మీ కాలేజీలో సీనియర్ క్లర్క్ గారు ప్రతి ఫుల్‌స్టాప్ తర్వాతా రెండు స్పేస్‌లు కొడుతున్నారంటే అది అజాగ్రత్త కాదు, ఆయన ఎక్కడో శ్రద్ధగా టైప్ నేర్చుకున్నారు. కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల రెండు ఉంటేనే మెయిల్ అతుకుల బొంతలా కనిపిస్తుంది.

పిల్లల మెయిళ్లలో రెండు స్పేస్‌లు వేరే దారిలో వస్తాయి. వాళ్లు టైప్ ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కినవాళ్లు కారు. ఫోన్‌లో స్పేస్‌బార్‌ను రెండుసార్లు నొక్కితే ఫుల్‌స్టాప్ పడి, దాని వెనక స్పేస్ కూడా పడుతుంది. ఆ అలవాటుతో ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని రెండుసార్లు నొక్కుతారు. అక్కడ చాలా కంప్యూటర్లలో ఫుల్‌స్టాప్ పడదు, రెండు స్పేస్‌లు పడతాయి. వాక్యం ముగింపు లేకుండా తర్వాతి వాక్యంలోకి జారిపోతుంది. మాటల మధ్య పెద్ద ఖాళీ ఉండి ఫుల్‌స్టాప్ లేదంటే ఇదే అని నేను గుర్తుపడతాను.

వెబ్ పేజీలో ఎన్ని స్పేస్‌లు కొట్టినా ఒకటే కనిపిస్తుంది కదా, మెయిల్‌లో ఎందుకు కనిపిస్తాయని మా టీమ్‌లో ఒకబ్బాయి అడిగాడు. హెచ్‌టీఎంఎల్ వరుసగా వచ్చిన స్పేస్‌లను ఒకటిగా కుదించి చూపిస్తుంది, నిజమే. మెయిల్ రాసే పెట్టె మాత్రం మీరు కొట్టినది కొట్టినట్టు నిలపాలని, రెండో స్పేస్ బదులు విరగని స్పేస్ అనే ఇంకో రకాన్ని పెడుతుంది. అది కుదించుకుపోదు. కాబట్టి మెయిల్‌లో ప్రతి స్పేస్ లెక్కలోకి వస్తుంది.

ఇప్పటిదాకా పిల్లల మెయిళ్లు. ఇక మీ మెయిళ్లు. కోపం తెచ్చుకోకండి.

మీ ఆఫీస్ నుంచి మాకు వచ్చే ఆహ్వానాలు, మీ విద్యార్థులకు వెళ్లే సమాచారం చాలావరకు మెయిల్ మెర్జ్‌లో తయారవుతాయి. ఒక ఎక్సెల్ షీట్‌లో పేర్లుంటాయి, ఒక వర్డ్ ఫైల్‌లో లేఖ ఉంటుంది. ఇక్కడ చిత్రం ఏమిటంటే, లేఖలో ఏ తప్పూ ఉండదు. కామా పేరు ఫీల్డ్‌కు అంటుకునే ఉంటుంది. అయినా కొందరికి `Dear Sravani ,` అని వెళుతుంది, మిగతావాళ్లకు సరిగ్గా వెళుతుంది. కారణం షీట్‌లో ఉంది. శ్రావణి గూగుల్ ఫారమ్‌ను ఫోన్‌లో నింపింది. పేరు మొదలుపెట్టగానే కీబోర్డ్ పూర్తి పేరు చూపించింది, నొక్కింది, పేరు చివర ఒక స్పేస్ పడింది. ఫారమ్‌లో అది కనిపించదు, షీట్‌లోనూ కనిపించదు. కామా వచ్చి పక్కన నిలబడినప్పుడే బయటపడుతుంది.

పట్టుకోవడం సులువే. పేరు `B2` గడిలో ఉందనుకుందాం. పక్క గడిలో ఇది కొట్టండి:

```
=LEN(B2)
```

`Sravani`లో ఏడు అక్షరాలు. ఎనిమిది అని వస్తే చివరో మొదటో ఒక స్పేస్ దాక్కుని ఉంది. తీసెయ్యడానికి ఇది:

```
=TRIM(SUBSTITUTE(B2,CHAR(160)," "))
```

`TRIM` ఒక్కటి చాలదా అంటే, మామూలు స్పేస్‌లకు చాలు. మొదట్లో, చివర ఉన్నవాటిని తీసేస్తుంది, మధ్యలో రెండు మూడు ఉంటే ఒకటి చేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసి పెట్టిన పేర్లలో ఇందాక చెప్పిన విరగని స్పేస్ ఉంటుంది, `TRIM` దాన్ని ముట్టుకోదు. `CHAR(160)` అంటే అదే. ముందు దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత తీసెయ్యాలి. ఫార్ములా వచ్చిన వరుసను కాపీ చేసి, పాత పేర్ల మీద విలువలుగా మాత్రమే పేస్ట్ చెయ్యడం మరిచిపోకండి. మామూలుగా పేస్ట్ చేస్తే ఫార్ములా పేరున్న గడిని వదిలేసి వేరే గడి వైపు మళ్లి గొడవ పెడుతుంది. ఒకసారి ఇది చేశారంటే ఇంకో లాభం కూడా ఉంది. రెండు షీట్లలో ఉన్న ఒకే రోల్ నంబర్ ఎందుకు కలవడం లేదని తలపట్టుకునే బాధ కూడా చాలాసార్లు దీంతోనే పోతుంది. అక్కడా చివరి స్పేసే దొంగ.

ఇదంతా చదివాక ఎవరైనా ఉత్సాహపడి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో కామాను కామా ప్లస్ స్పేస్‌గా ఒక్క దెబ్బకు మార్చేస్తారేమోనని నా భయం. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. కొత్తగా చేరినప్పుడు ఒక ఆఫర్ లెటర్‌లో అలా రీప్లేస్ ఆల్ కొట్టాను. జీతం `3,60,000` కాస్తా `3, 60, 000` అయింది. ఆ కాపీ మా మేనేజర్ గారి టేబుల్ దాకా వెళ్లింది. ఫుల్‌స్టాప్‌లతో ఇంకా ప్రమాదం. మెయిల్ ఐడీల్లో చుక్కలుంటాయి, మార్కుల్లో `8.4` ఉంటుంది, మీ పిల్లలందరి రెజ్యూమెల్లోనూ `B.Tech` ఉంటుంది. తెలుగులో రాసేటప్పుడు పేర్ల పొడి అక్షరాలున్నాయి. ఎన్.టి.ఆర్. అని కలిపి రాయడం మనకు అలవాటే, వాటి మధ్య స్పేస్‌లు చొప్పిస్తే పేరు చెల్లాచెదురవుతుంది.

మామూలు లేఖలో నిర్భయంగా రీప్లేస్ ఆల్ కొట్టగలిగినవి మూడే. స్పేస్ కామాను కామాగా, స్పేస్ ఫుల్‌స్టాప్‌ను ఫుల్‌స్టాప్‌గా, రెండు స్పేస్‌లను ఒక స్పేస్‌గా. చివరిదాన్ని ఒక్కసారి కొడితే సరిపోదు. నాలుగు స్పేస్‌లున్నచోట రెండు మిగులుతాయి, మళ్లీ కొట్టాలి. దొరికినవి సున్నా అని వచ్చేదాకా కొట్టండి. లేని స్పేస్‌ను పెట్టడం మాత్రం ఒక్కొక్కటీ చూసుకుంటూ చెయ్యాల్సిందే. వర్డ్‌లో `Ctrl+Shift+8` నొక్కితే ప్రతి స్పేస్ ఒక చిన్న చుక్కగా, విరగనిది చిన్న సున్నాగా కనిపిస్తుంది. మీ ఫార్మాట్ ఫైల్ తెరిచి ఒక్కసారి నొక్కి చూడండి. నా మాట నమ్మక్కర్లేదు.

తెలుగు మెయిళ్ల గురించి కూడా ఒక మాట. మా కస్టమర్లలో సగం మంది తెలుగులోనే రాస్తారు, మేమూ తెలుగులోనే జవాబిస్తాం. ఇంగ్లిష్‌లో స్పేస్‌లు చక్కగా పెట్టే పిల్లలు తెలుగులో "నమస్కారం అండి , మీ ఫిర్యాదు అందింది ." అని రాస్తారు. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత ఒకరోజు ఒకమ్మాయి పక్కన కూర్చుని చూశాను. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే పద్ధతి వాడుతోంది. మాట మారాలంటే స్పేస్ కొట్టాలి. స్పేస్ కొట్టింది, మాట తెలుగులోకి వచ్చింది, ఆ వెనకే కామా కొట్టింది. ప్రతి కామా ముందూ ఖాళీ ఉందంటే ఆమె చెయ్యి ఆ పద్ధతిలో పనిచేస్తోందన్నమాట. చాలా వాటిలో స్పేస్ బదులు నేరుగా కామా కొట్టినా మాట మారుతుంది. అది చెప్పాను, వారం రోజుల్లో అలవాటు మారింది. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ వాడేవాళ్లకు ఈ బాధే లేదు.

మీకు రావాల్సిన అనుమానం ఒకటుంది. ఇంత చిన్నదానికి దరఖాస్తు పక్కన పెడతారా అని. స్పేస్ తప్పుందని నేను ఎవరినీ తీసెయ్యను, తీసెయ్యకూడదు కూడా. ఆ నాలుగు వరుసల అబ్బాయిని పిలిచాం. అతనికి రాత పరీక్షగా ఒక కస్టమర్ మెయిల్ ఇచ్చాం, జవాబులో విషయం బాగా చెప్పాడు. కానీ మాది మెయిళ్లు రాసే ఉద్యోగం. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు దిద్దుబాటు తక్కువ అవసరమయ్యే మనిషి వైపే మొగ్గుతాం, ఆ రోజూ అదే జరిగింది. ఆ మెయిల్‌లో ఉన్న తప్పుల్లో మొదటిది అతనిది కాదన్న సంగతి నాకు తెలుసు. దరఖాస్తులు చూసే అందరికీ తెలియాలని లేదు.

అందుకని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఈసారి ఫైనలియర్ బ్యాచ్‌కు ఫార్మాట్ పంపేముందు ఆ ఫైల్‌ను వర్డ్‌లో తెరిచి చుక్కలు చూడండి. పేర్ల షీట్‌ను ఒకసారి శుభ్రం చెయ్యండి. మెయిల్ క్లాసులో పిల్లలతో ఒక గంట ఫోన్‌లోనే కొట్టించి, అదే మెయిల్‌ను ల్యాబ్‌లో పెద్ద స్క్రీన్ మీద వాళ్లకే చూపించండి. ఎవరి స్పేస్ ఎక్కడ పడిందో వాళ్లే పట్టుకుంటారు. కుదిరితే ఫార్మాట్ ఇవ్వడమే మానేసి, ఆ మొదటి వరుసను ఎవరిది వాళ్లనే టైప్ చేసుకోమనండి. మేడమ్ స్పెల్లింగ్ తప్పు పోతే పోనివ్వండి, అది నేను దిద్దుకుంటాను.

ఇట్లు,
దరఖాస్తుల మెయిళ్లు చదివే ఒక ఉద్యోగిని,
విజయవాడ